భక్తి వీడియోల కింద మతం తిట్లు: రిప్లై ఇవ్వాలా, తీసేయాలా?

ప్రవచన_వీణ
నాన్నగారి ప్రవచనాలు యూట్యూబ్‌లో పెడతాను. ఈమధ్య ఒక వీడియో ఎక్కడో షేర్ అయినట్టుంది, కింద వేరే మతం వాళ్ళు మమ్మల్ని, మా వాళ్ళు వాళ్ళని తిట్టుకోవడమే. శాంతంగా ఇచ్చే రిప్లై ఏదైనా రెడీగా పెట్టుకున్నవాళ్ళున్నారా? రూల్స్ ఎలా రాశారు?

సుబ్బు_టెక్
రిప్లైలు ఎందుకండీ టైం దండగ. స్టూడియో సెట్టింగ్స్‌లో బ్లాక్డ్ వర్డ్స్ ఉంటుంది, బూతులతో పాటు మతాల పేర్లన్నీ వేసెయ్యండి, పీడా పోతుంది. నేనలాగే చేశా, ప్రశాంతంగా ఉంది.

నైట్‌షిఫ్ట్_మోడరేటర్
మతం పేరు బ్లాక్ చేస్తే ప్రశాంతంగా కాక ఎలా ఉంటుంది సార్, మంచి కామెంట్లు కూడా ఆగిపోయాయిగా 😀 ఒకసారి హెల్డ్ ఫర్ రివ్యూలోకి వెళ్ళి చూడండి. "మాది వేరే మతం అయినా మీ మాటలు బాగున్నాయి" అన్నవాళ్ళంతా అక్కడే పడుంటారు, 60 రోజుల్లోపు చూడకపోతే అవి ఇక దొరకవు. పైగా తిట్టేవాడు తెలుగు బూతుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగ్‌తో కొడతాడు, మధ్యలో చుక్కలు పెడతాడు, అది మీ లిస్టుకి చిక్కదు. లిస్టులో బూతులు మాత్రమే ఉంచండి, తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ. కొత్త స్పెల్లింగ్ కనపడినప్పుడల్లా చేర్చండి. పెద్ద ఛానెళ్ళకి ఇదే పని చేస్తున్నా, ఊరికే చెప్పట్లేదు.

సుబ్బు_టెక్
పెద్ద ఛానెళ్ళ సంగతి మాకెందుకు, చిన్న ఛానెల్ వాడికి రోజూ కూర్చుని చూసే తీరిక ఉండాలిగా. అంత తెలిస్తే ఆమె అడిగిన రిప్లై ఏదో చెప్పండి ముందు.

గిటార్_సువార్త
మా చర్చి పాటల ఛానెల్లో అసలు తలనొప్పి బయటివాళ్ళు కాదండీ, మనవాళ్ళే. ఎవడో ఒకడు "ఇదంతా మూఢనమ్మకం" అంటాడు, అది తిట్టు కాదు కదా, వాడి అభిప్రాయం. కానీ దానికింద మా వాళ్ళు వాడి తల్లిదండ్రుల్ని, వాడి దేవుళ్ళని లాగుతారు. ఆ రిప్లైలు నేను తీసేస్తే "నువ్వు ఎవరి పక్షం బ్రదర్" అని నాకే ఫోన్లు. తీసేశా అయినా. మన వైపు బూతు ఉంచి అవతలి వాడిది తీస్తే ఇంక రూల్ ఎందుకు.

నైట్‌షిఫ్ట్_మోడరేటర్
కరెక్ట్ బ్రదర్, గీత అక్కడే గీయాలి. నమ్మకాన్ని ప్రశ్నిస్తే ఉంచు, నమ్మే మనుషుల్ని తిడితే తియ్యి. "ఈ కథకి ఆధారం ఏంటి" ఉంటుంది. "మీ జాతే అంత, దేశం వదిలి పొండి" పోతుంది.
వీణగారూ, నేను వాడే రిప్లై ఇది: "మీకు ఈ ప్రసంగంలో ఏ మాట నచ్చలేదో చెప్పండి, దాని గురించి మాట్లాడదాం. ఏ మతం వాళ్ళనైనా తిట్టే కామెంట్లు మాత్రం ఇక్కడ ఉంచం." ప్రశ్నా తిట్టూ కలిసి ఉన్నవాడికే ఇది, అదీ ఒక్కసారే. మళ్ళీ తిడితే హైడ్ యూజర్. వాడికి నోటీసు వెళ్ళదు, వాడి కామెంట్లు వాడికి కనపడుతూనే ఉంటాయి, మిగతా ఎవరికీ కనపడవు. అందుకే రెచ్చిపోడు. వట్టి బూతే అయితే రిప్లై లేకుండా నేరుగా హైడ్.

ప్రవచన_వీణ
ఇలా దాచేయడం మోసం కాదా? నాన్నగారైతే ఒప్పుకోరు, చెప్పి తీసెయ్యమంటారు.

నైట్‌షిఫ్ట్_మోడరేటర్
చెప్పి తీస్తే ఇంకో అకౌంట్‌తో వస్తాడు మేడం.

గిటార్_సువార్త
రూల్స్‌లో ముందే రాసేస్తే మోసం ఎలా అవుతుంది? "తిట్టేవాళ్ళ కామెంట్లు చెప్పకుండా దాచేస్తాం" అని పిన్ చేసిన కామెంట్‌లో పెట్టాం మేము. సెట్టింగ్స్‌లో ఛానెల్ గైడ్‌లైన్స్ మూడు వరకు రాసుకోవచ్చు, అక్కడా పెట్టాం. మూడే కాబట్టి సూక్తులు రాయకండి, ఏది తీస్తారో రాయండి.

లక్ష్మి_భజన
మా ఛానెల్‌కి అసలు కామెంట్లే రావట్లేదు, వ్యూస్ పెరగాలంటే ఏం చెయ్యాలి?

సుబ్బు_టెక్
ఒక బూతు వీడియో పెట్టండి అమ్మా 😂 సరే, హెల్డ్‌లో చూశా. మంచివి ఉన్న మాట నిజమే, కానీ మతాల పేర్లు తియ్యను, పండగ రోజుల్లో ఆ వరద నేను పట్టలేను.

నాత్_వినండి
పండగలప్పుడు మాత్రమే హోల్డ్ ఆల్ పెట్టుకో అన్నా, తర్వాత మామూలుగా మార్చేయ్. మేం అంతే. మాకు లైవ్ చాట్‌తోనే చావొచ్చింది, చదివేలోపే పైకి పోతుంది, పాడేవాడు చూసి మధ్యలో ఆగిపోయాడు. లైవ్‌కి ఎంతమంది మోడరేటర్లని పెడుతున్నారు మీరు?