నెలలు నిండక పుట్టిన బాబు ఎత్తు: గట్టిగా తినిపించాలా, ఆగి చూడాలా?

చైత్ర (ప్రశ్న): మా బాబు 32 వారాలకే పుట్టాడు, 1.5 కిలోలు. ఇప్పుడు 18 నెలలు, పొడవు 76 సెం.మీ. చార్టులో కింది గీత దాటడం లేదు. నాన్న 168, నేను 152. గట్టిగా తినిపిస్తే అందుకుంటాడా, లేక పొట్టిగానే ఉండిపోతాడా?

రమణ_గుంటూరు: కంగారేం లేదమ్మా. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలంతా రెండేళ్ళకల్లా అందుకుంటారు. రోజూ రెండు చెంచాల నెయ్యి, డ్రై ఫ్రూట్స్ పొడి, పూటపూటా పాలు పెంచండి. బరువు పెరిగితే ఎత్తు దానంతటదే వస్తుంది.

నియో_నర్స్: చైత్రగారూ, ముందు వయసు సరిచేయండి. బాబు 8 వారాలు ముందు పుట్టాడు. రెండేళ్ళు నిండేదాకా చార్టులో చుక్క పెట్టేటప్పుడు ఆ 8 వారాలు తీసేయాలి, అంటే 16 నెలల దగ్గర పెట్టాలి. డబ్ల్యూహెచ్‌ఓ మగపిల్లల చార్టులో కింది గీత 18 నెలలకు 76.9, 16 నెలలకు 75. మీ బాబు 76 సెం.మీ. ఒకచోట గీత కింద పడుతుంది, ఇంకోచోట పైన.

కానీ పైన ఉన్నది ఒక్క సెంటీమీటరే, కాబట్టి ఎలా కొలిచారన్నది ముఖ్యం. మంచం మీద పడుకోబెట్టి టేపుతో కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు అటూఇటూ అవుతుంది. పిల్లల ఆసుపత్రిలో పొడవు కొలిచే బల్ల ఉంటుంది. ఒకరు తల పైపలకకి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు రెండు మోకాళ్ళూ మెల్లగా నొక్కి, పాదాలకి కిందిపలక తగిలించాలి. ఒక కాలే చాచితే లెక్క తప్పుతుంది. రెండుసార్లు కొలవమనండి. మూడు నెలలు ఆగి అదే బల్ల మీద మళ్ళీ కొలవండి. ఈ వయసులో మూడు నెలలకి 3 సెం.మీ. దాకా పెరగాలి. 2 కూడా రాకపోతే అప్పుడు కారణం వెతకాలి.

లక్ష్మి_హ్యూస్టన్: మా పాప నెలలు నిండే పుట్టింది, 38 వారాలు, 2 కిలోలే. ఇప్పుడు నాలుగేళ్ళు, 91 సెం.మీ. మాకూ వయసు సరిచేస్తే సరిపోతుందా?

నియో_నర్స్: లక్ష్మిగారూ, మీది వేరే సంగతి. 34 వారాలకు 2 కిలోలంటే ఆ వారానికి తగిన బరువే. 38 వారాలకు 2 కిలోలంటే కడుపులోనే ఎదుగుదల తగ్గినట్టు. చైత్రగారి బాబు 1.5 కిలోలు 32 వారాలకు సరిగ్గానే ఉంది, అందుకే అతని మీద ఆశ ఎక్కువ. కడుపులో తగ్గిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది రెండేళ్ళకల్లా మామూలు ఎత్తు పరిధిలోకి వస్తారు. రమణగారు “అంతా” అన్నారు కానీ ఆ పదోవాళ్ళు మిగిలిపోతారు. నాలుగేళ్ళకి ఆడపిల్లల కింది గీత 94.1. మీ పాప అంతకంటే 3 సెం.మీ. తక్కువ కాబట్టి పిల్లల హార్మోన్ల డాక్టరుకి, అంటే ఎండోక్రినాలజిస్టుకి చూపించండి.

డా_శ్రీనివాస్_పీడ్స్: లక్ష్మిగారూ, ఇలాంటి పిల్లలకి గ్రోత్ హార్మోన్ ఇస్తారు. అమెరికాలో 2001 నుంచి రెండేళ్ళు దాటినవారికి, యూరప్‌లో 2003 నుంచి నాలుగేళ్ళకి అనుమతి ఉంది. రోజూ ఇంజెక్షన్, ఏళ్ళ తరబడి. పెద్దయ్యాక సగటున అయిదారు సెం.మీ. లాభం. అది మీకు విలువైనదా అన్నది మీరే తేల్చుకోవాలి. ముందు థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఆడపిల్ల కాబట్టి ఎక్స్ క్రోమోజోమ్ లోపంతో వచ్చే టర్నర్ సిండ్రోమ్ పరీక్షలు చేయాలి.

చైత్రగారి బాబు విషయంలో రమణగారి సలహాతో నాకు పేచీ. పాలు ఎక్కువైతే అన్నం ముట్టడు, ఐరన్ తగ్గుతుంది. ముందు పుట్టిన పిల్లలకి ఐరన్ నిల్వలు మొదటే తక్కువ. రోజుకి అర లీటరు దాటనివ్వకండి, హిమోగ్లోబిన్ చూపించండి. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువుల్ని ఇంగ్లండు శిశువులతో పోల్చినప్పుడు బరువు బాగా తక్కువగా ఉంది, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అలాంటి బిడ్డకి ఎత్తుకి మించి బరువు ఎక్కిస్తే పెరిగేది పొట్టే.

రమణ_గుంటూరు: మరి తక్కువ నెలల పిల్లలకి ఆసుపత్రిలోనే బలం పాలు పట్టి బరువు పెంచుతారుగా? అదీ తప్పేనా?

డా_శ్రీనివాస్_పీడ్స్: అది మొదటి నెలల సంగతి. అప్పటి ఎదుగుదలతో మెదడుకి మేలు. ఏడాది దాటాక లెక్క మారుతుంది. ఎక్కడ ఆపాలన్నది మాలో మాకే తేలలేదు. నేనైతే ఎత్తుకి తగిన బరువు గీత మధ్యకి రాగానే అదనపు నెయ్యి ఆపమంటాను.

నియో_నర్స్: ఆ మధ్య గీత దగ్గర మీతో ఏకీభవించలేను డాక్టరుగారూ. 28 వారాల లోపు పుట్టిన కొందరు నాలుగేళ్ళ తర్వాత కూడా మెల్లగా పైకి వస్తుంటారు. వాళ్ళ తిండి తొందరగా తగ్గిస్తే నాకు భయం.

చైత్ర: కొలిచింది ఇంట్లో టేపుతోనే. సోమవారం బల్ల మీద కొలిపిస్తాను. అమ్మానాన్నల ఎత్తు లెక్క ఎలా వేస్తారు?

నియో_నర్స్: 168కి 152 కలిపి, అబ్బాయి కాబట్టి 13 కలిపి, సగం చేయండి. 166.5 వస్తుంది, పెద్దయ్యాక బాబు ఎత్తుకి అదే అంచనా. దానికి అటూఇటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు. కాబట్టి మీ బాబుని చార్టు మధ్య గీతతో పోల్చి బాధపడకండి.