ఏప్రిల్‌లో పార్టీ గోడౌన్ కాలింది, జూన్‌లో దివాలా. మార్చి బుక్స్‌లో ప్రొవిజన్ పెట్టాలా?

నూలు_లెక్కలు: మాది నూలు అమ్మే ప్రైవేట్ లిమిటెడ్, బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత జరిగే సంఘటనల గురించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 4 ఫాలో అవుతాం. మార్చి 31కి ఒక పార్టీ నుంచి 40 లక్షలు రావాలి. ఏప్రిల్ 18న వాళ్ళ గోడౌన్ తగలబడింది, ఇన్సూరెన్స్ లేదు, జూన్‌లో కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా పిటిషన్ అడ్మిట్ అయింది. మా అకౌంట్స్ ఇంకా బోర్డు అప్రూవ్ చేయలేదు. ఆడిటర్ ఆ డబ్బు రాదనుకుని మార్చి బుక్స్‌లోనే మొత్తానికీ నష్టం కింద ప్రొవిజన్ పెట్టమంటున్నారు, మా డైరెక్టర్ కుదరదంటున్నారు. ఎవరిది కరెక్ట్?

సీఏ_ఇంటర్: ఆడిటర్‌దే కరెక్ట్ అండి. కస్టమర్ దివాలా అంటే అడ్జస్టింగే, అంటే మార్చి అంకెలు సరిచేయాల్సిందే, స్టాండర్డ్‌లో ఉదాహరణే అది. పైగా అకౌంట్స్ సైన్ అవ్వకముందే తెలిసింది కదా, తెలిసి కూడా వదిలేస్తే ఎలా?

ఆడిట్_బెంచీ: తమ్ముడూ, సైన్ కాకముందు తెలియడం ఒక్కటే సరిపోదు, ఆ లెక్కన ఏప్రిల్‌లో కాలిన ప్రతి గోడౌనూ మార్చి నష్టమే అవ్వాలి. చూడాల్సింది నష్టానికి కారణం ఎప్పుడు పుట్టిందని. మామూలుగా పార్టీ మేలోనో జూన్‌లోనో దివాలా తీస్తే, వాడు మార్చి నాటికే లోపల కుళ్ళిపోయి ఉన్నాడనీ, దివాలా దాన్ని బయటపెట్టిందనీ అనుకుంటాం, ఆ ఉదాహరణ అందుకే ఉంది. మార్చి 31న బాగానే ఉన్న పార్టీ, కేవలం ఏప్రిల్ 18 మంటల వల్ల పడిపోతే మాత్రం అది కొత్త ఏడాది సంఘటన, మార్చి అంకెలు కదపకూడదు. నూలు గారూ, ఆ పార్టీ ఏజింగ్, అంటే ఏ బాకీ ఎప్పటి బిల్లుదో, పెట్టండి, అది చూడకుండా ఎవరిది కరెక్టో చెప్పలేం.

మిర్చి_కమిషన్: మాక్కూడా ఇదే ప్రాబ్లం అండి, మా గోడౌన్‌లోనే మార్చి 27న మంటలొచ్చాయి, సర్వేయర్ రిపోర్ట్ మేలో వచ్చింది, మరి నష్టం కొత్త ఏడాదిలో వేసుకోవచ్చా?

ఆడిట్_బెంచీ: మీది వేరే అండి. మంటలు మార్చిలోనే వచ్చాయి, మేలో తెలిసింది అంకె మాత్రమే, కాబట్టి రిపోర్ట్ ప్రకారం మార్చి స్టాక్ తగ్గించాల్సిందే. ఇన్సూరెన్స్ డబ్బు మాత్రం కంపెనీ క్లెయిమ్ ఒప్పుకుందా లేదా చూశాకే ఆదాయంగా చూపండి, క్లెయిమ్ వేశాం కదా అని ఎదురు రాసేయొద్దు. అదే మంటలు ఏప్రిల్ 2న వచ్చుంటే మార్చి స్టాక్ అలాగే ఉండేది, ఇక వ్యాపారం నడవదు అన్నంత దెబ్బ తగిలితే తప్ప, అప్పుడు గోయింగ్ కన్సర్న్ మీదే లెక్కలు రాయొచ్చా అన్న ప్రశ్న వస్తుంది.

నూలు_లెక్కలు: ఏజింగ్ ఇదిగో. 40లో 24 లక్షలు నవంబర్ బిల్లులు, వాటికిచ్చిన 10 లక్షల చెక్ ఫిబ్రవరిలో బౌన్స్ అయింది. మిగతా 16 లక్షలు మార్చి బిల్లులు. ఏప్రిల్ 9న 3 లక్షలు కట్టారు, మార్చి బిల్లుల కిందే.

ఆడిట్_బెంచీ: ఇప్పుడు విషయం తేలింది. 24 లక్షల మీద అనుమానం ఫిబ్రవరిలోనే మొదలైంది, దానికి మంటలతో పని లేదు, ప్రొవిజన్ మార్చిలోనే పెట్టాలి, జూన్ దివాలా ఆ అనుమానాన్ని ఖాయం చేసింది అంతే. 16 లక్షల్లో 3 వచ్చేశాయి, మిగిలిన 13 లక్షలు పోవడానికి మంటలే కారణం అని మీ డైరెక్టర్ వాదించొచ్చు, ఏప్రిల్ 9న కట్టడం ఆయనకి కొంత బలం. ఆ 13కి మార్చిలో ప్రొవిజన్ పెట్టకపోతే మాత్రం, ఏఎస్ 4 ప్రకారం మొత్తం ఎంత రావొచ్చో పోవచ్చో బోర్డు రిపోర్ట్‌లో రాయాలి, కంపెనీల చట్టం 134(3) కూడా అడుగుతుంది. పెద్ద, లిస్టెడ్ కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ స్టాండర్డ్స్ కింద ఉన్న కంపెనీ అయితే నోట్స్‌లోనే పెట్టాలి.

వరంగల్_ఫైనాన్స్: ఈ విడగొట్టడం నాకు నచ్చలేదు సార్. బిల్లులు రెండు రకాలు కావొచ్చు గానీ అప్పు తీర్చాల్సింది ఒకే మనిషి. నవంబర్ బాకీ తీర్చలేక చెక్ బౌన్స్ చేసినోడు మార్చి బిల్లు తీరుస్తాడని ఏ నమ్మకం? ఆ 3 లక్షలు కూడా కొత్త సరుకు కోసమే కట్టి ఉండొచ్చు, మా దగ్గర చాలామంది పార్టీలు పాత బాకీ పక్కనపెట్టి సరుకు రావడానికి సరిపడా కడతారు. నేనైతే 37కీ మార్చిలోనే పెడతా.

ఆడిట్_బెంచీ: మీరన్నది కొట్టిపారేయలేను. ఏప్రిల్ 9 తర్వాత సరుకు వెళ్ళిందా అని చూడాలి. వాళ్ళ మార్చి బ్యాలెన్స్ షీట్ ఎన్‌సీఎల్‌టీ కాగితాల్లో దొరికితే అసలు గుట్టు అందులో తెలుస్తుంది, అప్పటికే నెట్‌వర్త్ మైనస్‌లో ఉంటే మంటల కథ ఆగిపోతుంది.

నూలు_లెక్కలు: ఏప్రిల్ 11న 5 లక్షల సరుకు వెళ్ళింది సార్. బ్యాలెన్స్ షీట్ కోసం ఆ దివాలా కేసు చూస్తున్న రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి రేపే మెయిల్ పెడతాను.

వరంగల్_ఫైనాన్స్: చూశారా, నేనన్నదే.

ఆడిట్_బెంచీ: మీ మాటకి బలం పెరిగింది, ఒప్పుకుంటా, కానీ బ్యాలెన్స్ షీట్ రాకుండా నేను 13 లక్షల మీద సంతకం పెట్టను, ఇటైనా అటైనా.