గ్రిడ్ సన్నగా చేస్తే జవాబు పేలిపోతోంది, కన్సిస్టెన్సీ ఉన్నా ఎందుకిలా?

శ్రావణి: రాత్రి నుంచి ఇదే పని. ఉష్ణ సమీకరణం u_t = u_xx, మొదటి విలువ sin(πx), రెండు చివర్లా సున్నా. కోడ్ ఇంతే:

```
un[j] = u[j] + r*(u[j+1] - 2*u[j] + u[j-1])
```

గ్రిడ్ దూరం h = 0.1, 0.05 బాగానే వచ్చాయి. h = 0.025 పెట్టగానే అంకెలు అంతూపొంతూ లేకుండా పోతున్నాయి. టేలర్‌తో చూశాను, కన్సిస్టెన్సీ ఉంది. మరి h తగ్గేకొద్దీ జవాబు దగ్గరవ్వాలి కదా?

రఘు: టైమ్ స్టెప్ k ఎంత?

శ్రావణి: 0.001. అది మార్చలేదండి, చిన్నదే కదా.

మాధవరావు: ఇది రౌండాఫ్ సమస్య. ఎక్కువ అంకెల ప్రెసిషన్ వాడండి, పోతుంది.

రఘు: పోదండి, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. r = k/h² కాబట్టి మూడు గ్రిడ్లకూ వరసగా 0.1, 0.4, 1.6. ఈ స్కీమ్‌కి r 1/2 దాటకూడదు. 1.6 దగ్గర, పక్కపక్క బిందువుల్లో గుర్తు మారే రంపపు పళ్ళ లాంటి అలని ప్రతి అడుగూ దాదాపు -5.4తో గుణిస్తుంది. 10⁻¹⁶ అంత రౌండాఫ్ కూడా ఇరవై రెండు, ఇరవై మూడు అడుగుల్లో 1కి చేరుతుంది. u ప్రింట్ చేసి చూడండి, గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారుతుంటాయి.

మాధవరావు: అంటే రౌండాఫే కారణం అన్నమాటేగా!

రఘు: సగం నిజమే. మీ sin(πx)లో ఆ రంపపు అల లేదు, లెక్క అణువంత తప్పు లేకుండా చేస్తే పేలదు. కానీ కన్సిస్టెన్సీతో పాటు స్టెబిలిటీ కూడా ఉంటేనే కన్వర్జెన్స్ అని చెప్పే లాక్స్ సిద్ధాంతం ఒక్క సైన్ గురించి కాదు, ఏ మొదటి విలువ ఇచ్చినా కన్వర్జ్ అవ్వాలని అడుగుతుంది. ప్రతి అడుగులో మనం చేసే తప్పు k×τ. h, k తగ్గితే τ సున్నాకి పోవడమే కన్సిస్టెన్సీ. ఆ తప్పు మిగతా అడుగులన్నీ దాటుకుంటూ వెళ్తుంది. దారిలో అది C రెట్లకు మించకపోతే, ఆ C గ్రిడ్ మీద ఆధారపడకపోతే, అదే స్టెబిలిటీ. T/k అడుగుల తప్పులన్నీ కలిపినా C·T·τ లోపే. అడుగుకి 5.4 రెట్లయితే τ ఎంత చిన్నదైనా ఏం లాభం?

విజయ: స్టెబిలిటీ అంటే గుణకం 1 దాటకపోవడం అని సూటిగా చెప్పండి, C ఎందుకు?

రఘు: u_t = u_xx + u తీసుకోండి. అసలు జవాబులోనే పెరుగుదల ఉండొచ్చు. అక్కడ 1 + ak వరకు ఒప్పుకోవాలి.

విజయ: దాన్ని స్టెబిలిటీ అనడం నాకు ఇంకా ఒప్పుదల కావట్లేదు.

కిరణ్: నేను బర్గర్స్ సమీకరణం చేస్తున్నాను. షాక్ తప్పు చోటికి వెళ్తోంది, పేలట్లేదు. నాదీ ఇదేనా?

రఘు: కాదు. లాక్స్, రిక్ట్‌మయర్ 1956లో చెప్పింది లీనియర్ సమస్యలకే. మీది వేరే పోస్ట్‌గా వేయండి, స్కీమ్ రాసి.

శ్రావణి: k = 0.00025 పెట్టాను, r = 0.4. t = 0.1 దగ్గర ఎర్రర్ h = 0.05 నాటి దానిలో నాలుగో వంతైంది. థాంక్సండీ.

కిరణ్: స్కీమ్ కన్జర్వేటివ్ రూపంలో లేదు, u*u_xని అలాగే రాశాను. అదేనా కారణం?