పెళ్ళికి "ఎంతమంది వస్తారో ముందే చెప్పండి" అని కాగితం పంపితే తప్పా?

కాలవగట్టు_అన్నయ్య:
మా చెల్లి పెళ్ళి ఆగస్టు 22న అండి, రాత్రి 9:14కి ముహూర్తం, అమలాపురం దగ్గర చిన్న ఫంక్షన్ హాలు. 210 కార్డులు వేయించాం. హాలాయన, వంటాయన ఇద్దరూ 380 మంది దాటకూడదంటున్నారు. అందుకని కార్డులో ఈ కాగితం కూడా పెడదామనుకున్నా. నాన్న అది చూసి రెండు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు. ఇది అవమానమా కాదా మీరే చెప్పండి.

"స్థలాభావం వలన పరిమిత సంఖ్యలో మాత్రమే అతిథులను ఆహ్వానిస్తున్నాము. మీ రాకను జూలై 20లోగా ధృవీకరించగలరు. ధృవీకరించని వారికి ఏర్పాట్లు చేయలేమని గమనించగలరు."

పాలకొల్లు_పెద్దాయన:
బాబూ, మీ నాన్నగారి బాధలో న్యాయం ఉంది. చివరి వాక్యం చదివితే కరెంటాఫీసు నోటీసులా ఉంది. మన వైపు పిలుపంటే గుమ్మంలోకి వెళ్ళి బొట్టుపెట్టి, "అందరూ రావాలండి, ముందురోజే రావాలి" అని రెండుసార్లు చెప్పి రావడం. అలా పిలిచి మళ్ళీ చేతిలో లెక్కల కాగితం పెడితే వచ్చేవాడు కూడా మానేస్తాడు. నేను ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాను, ఒక్కర్నీ లెక్క అడగలేదు. అనుకున్నదాని మీద వందకి పదిమందికి ఎక్కువ వండించాను, సరిపోయింది. అన్నం మిగిలితే నష్టం లేదు, మాట మిగిలిపోతేనే నష్టం.

భీమవరం_అక్క:
ఇలాంటివి నాకస్సలు నచ్చవండి. మా ఆడపడుచు కొడుకు పెళ్ళి హైదరాబాద్‌లో చేశారు, కార్డు కింద "పిల్లలను తీసుకురావద్దని మనవి" అని వేశారు, నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఎవరి దగ్గర వదిలి వెళ్తాను చెప్పండి, ఆఖరికి మా ఆయన ఒక్కరే వెళ్ళి అక్షింతలు వేసి గంటలో వచ్చేశారు, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే నాకు ఏడుపొస్తుంది. పిల్లల్ని వద్దనకండి తమ్ముడూ.

కాలవగట్టు_అన్నయ్య:
అక్కా, నేను పిల్లల్ని వద్దనట్లేదు, ఎవర్నీ వద్దనట్లేదు. ఎంతమందో చెప్పమంటున్నా అంతే.

భీమవరం_అక్క:
అయితే ఆ మాటే రాయి. "పరిమిత సంఖ్యలో మాత్రమే" అంటే చదివేవాళ్ళకి నువ్వు అక్కర్లేదు అన్నట్టే ఉంటుంది. నాకలాగే అనిపించింది.

వంటశాల_మండపేట:
నేను ఇరవై ఏళ్ళుగా పెళ్ళి వంటలే చేయిస్తున్నానండి, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను. ముందు పెద్దాయనకి చెప్తాను. మీ రోజుల్లో ఇంటి ముందు పందిరి, పక్కనే కొబ్బరితోట. జనం ఎక్కువైతే తోటలోకి ఇంకో వరస బల్లలు జరిగేవి. హాలులో గోడలు జరగవు కదండీ. ఈ తమ్ముడికి అడ్డం వచ్చేది కూర్చునే హాలు కాదు, భోజనాల హాలు. చిన్న హాళ్ళలో బంతికి దాదాపు 96 మంది కూర్చుంటారు, పన్నెండేసి మంది ఎనిమిది వరసలు. వడ్డించి, తిని, ఆకులు తీసి, బల్లలు తుడిచి, మళ్ళీ ఆకులు పరిచేసరికి బంతికి 50 నిమిషాలు పడుతుంది. రాత్రి ఏడింటికి మొదలుపెడితే పదీ ఇరవై దాకా నాలుగు బంతులు. నాలుగు తొంభయ్యారులు 384. వాళ్ళు చెప్పిన 380 అక్కడి నుంచే వచ్చుంటుంది. అయిదో బంతి అంటే పదకొండు దాటుతుంది, అప్పటికి ముసలివాళ్ళు నీరసించిపోతారు, ఊళ్ళకి పోయేవాళ్ళకి బస్సులుండవు. ఎక్కువ వండితే అన్నం సరిపోతుందండీ, బల్ల సరిపోదు. నాలుగో బంతికి నిలబడ్డవాళ్ళు తింటున్నవాళ్ళ కుర్చీ వెనకాల వచ్చి నిలబడతారు చూడండి, అసలు అవమానం అక్కడుంది.

అందుకని ముందే అడగడం తప్పు కాదు. ఈ కాగితంలో మాత్రం మూడు తప్పులున్నాయి.

ఒకటి, "మీ రాక" అని అడిగారు. అలా అడిగితే అందరూ "తప్పకుండా వస్తామండి" అంటారు, రానని మొహం మీద ఎవరూ చెప్పరు. ఆ మాట నాకు వంటకి పనికిరాదు. "భోజనానికి మీ ఇంటి నుంచి ఎంతమంది" అని అడగాలి. అప్పుడు ఆ ఇంట్లో కూర్చుని లెక్కేస్తారు, పిల్లాడికి పరీక్షలున్నాయి, అత్తగారు రాలేరు, అయితే నలుగురం అని ఒక అంకె చెప్తారు. మీకు విడిదిలో పొద్దున టిఫిన్, రాత్రి భోజనం రెండూ ఉంటే రెండూ విడివిడిగా అడగండి. రాత్రి 380 మంది తింటే టిఫిన్‌కి చాలా తక్కువమంది ఉంటారు, ఒకే అంకె ఇస్తే ఇడ్లీలు పారబోస్తాం.

రెండు, తారీఖు. జూలై 20 అంటే పెళ్ళికి నెల పైన ఉంది. అప్పటికి ఎవరికీ సెలవు దొరికిందో లేదో తెలీదు, ఏదో ఒకటి చెప్పి మర్చిపోతారు. మరీ దగ్గరగా పెట్టినా నాకు కుదరదు. బియ్యం, కూరగాయలు నాలుగు రోజుల ముందు చెప్పినా తెచ్చేస్తాను, అరిటాకులు ఇంకా తర్వాత చెప్పినా పరవాలేదు, కానీ ఆత్రేయపురం పూతరేకులకీ తాపేశ్వరం కాజాలకీ పెళ్ళిళ్ళ రోజుల్లో వారం పదిరోజుల ముందే లెక్క చెప్పుకోవాలి. కాబట్టి కాగితంలో ఆగస్టు 8 వేయండి. ఆ తర్వాత నాలుగు రోజులు ఫోన్లకి, 12న నాలాంటివాడికి లెక్క.

మూడు, "ఏర్పాట్లు చేయలేము" అన్న మాట. అది తీసేయండి, ఎందుకంటే అబద్ధం కూడాను. చెప్పకుండా వచ్చిన మేనమామని మీరు పంపేస్తారా?

మొన్నామధ్య రాజోలు వైపు ఒక పెళ్ళికి సరిగ్గా ఇలాగే 210 కార్డులు. తారీఖు లోపల 120 ఇళ్ళవాళ్ళు వస్తామన్నారు, తలలు లెక్కేస్తే 290. 52 ఇళ్ళు రాలేమన్నారు. 38 ఇళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ అబ్బాయి సంతోషంగా 290 అని నాకు చెప్పేశాడు. నేను ఆగమన్నాను. వస్తామన్నవాళ్ళలో పదిమందికి ఒకరు ఆఖర్న ఆగిపోతారు, ఒంట్లో బాగోలేదనో ఇంకో పెళ్ళి ఉందనో, కాబట్టి 290 అంటే 260. చెప్పనివాళ్ళు రారని మాత్రం అనుకోకూడదండీ. వాళ్ళలో సగంమంది పెద్దవాళ్ళు, "మనం వెళ్తామని వాళ్ళకి తెలీదా ఏంటి" అనుకుని చెప్పరు. ఇంటికి ఒకటిన్నర మంది వేసుకుని 57 కలిపా. 317 అయింది, 330కి వండాం. తిన్నది 322. ఆకులు లెక్కపెట్టాను కాబట్టి తెలుసు, మనుషుల్ని లెక్కపెడితే రెండోసారి కూర్చున్నవాళ్ళు దొరకరు.

లంక_పిల్ల:
ఒక సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఆగస్టు 22 అంటే శ్రావణం, గోదారి వచ్చే రోజులు. మాది లంకూరు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వేశారంటే మా కాజ్‌వే మీద నీళ్ళు ఉన్నట్టే, తర్వాత పడవే దిక్కు, చీకటిపడితే పడవ కూడా వెయ్యరు. మేం 8వ తారీఖున అయిదుగురం అని చెప్తాం, 20న వరద వస్తే ఒక్కరం కూడా రాలేం, అది మా తప్పు కాదు. మా అత్త కూతురి పెళ్ళికి అలాగే అయింది, వస్తామని చెప్పి రాలేదని ఏడాది దాకా మాటల్లేవు. కాబట్టి లంక ఊళ్ళవాళ్ళ పేర్లు విడిగా రాసుకోండి, రెండు రోజుల ముందు మీరే ఫోన్ చెయ్యండి. వస్తే మొదటి బంతిలో కూర్చోబెట్టండి, ముహూర్తం దాకా ఆగితే వాళ్ళకి ఇల్లు చేరే దారి ఉండదు.

వంటశాల_మండపేట:
ఈ మాట చాలా మంచిదమ్మా. నాకు తట్టలేదు.

పాలకొల్లు_పెద్దాయన:
బంతుల లెక్క నేను ఒప్పుకుంటున్నాను, బల్లల సంగతి ఆలోచించలేదు. కానీ బాబూ, నీ కార్డు మీద ఏం అచ్చు వేయించావో ఒకసారి తీసి చూడు. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి" అని ఉంటుంది. పైన సపరివారంగా రమ్మని కింద ఎంతమందో చెప్పమంటే ఏ మాట నమ్మాలి?

కాలవగట్టు_అన్నయ్య:
ఇప్పుడే చూశానండి, అదే ఉంది, అక్షరం తేడా లేదు. 210 కార్డులూ అచ్చయిపోయాయి.

పాలకొల్లు_పెద్దాయన:
కవరు మీద చేత్తో రాస్తావుగా, అక్కడ దిద్దుకో. ఇద్దర్నే పిలవాలనుకున్న చోట "దంపతులకు" అని రాయి, ఇల్లంతా రావాల్సిన చోట "కుటుంబ సభ్యులకు" అని రాయి. మావాళ్ళకి ఆ తేడా తెలుసు. మీ నాన్నగారి వయసువాళ్ళకి మాత్రం కాగితం ఇవ్వకు. మీ అమ్మగారో పిన్నిగారో ఫోన్ చేసి "వదినా, మీరెంతమంది వస్తున్నారు, గదులు చూడాలి" అంటే అదే లెక్క, గౌరవంగా వస్తుంది.

కాలవగట్టు_అన్నయ్య:
సరేనండి. అందరి మాటా విని మళ్ళీ రాశాను, చూడండి.

"మా చెల్లి పెళ్ళికి మీరందరూ రావాలని మా కోరిక. భోజనాల హాలులో ఒక్కో బంతికి 96 మందికే చోటుంది. మిమ్మల్ని నిలబెట్టకుండా, తీరిగ్గా కూర్చోబెట్టి వడ్డించాలని అడుగుతున్నాం. పొద్దున టిఫిన్‌కి ఎంతమంది, రాత్రి భోజనానికి ఎంతమంది వస్తారో ఆగస్టు 8లోగా మా పిన్నికి ఫోన్‌లో గానీ వాట్సాప్‌లో గానీ చెప్పండి. తర్వాత మారినా పరవాలేదు, ఒక్క మాట చెప్తే చాలు. రాత్రి త్వరగా వెళ్ళాల్సిన వాళ్ళు అది కూడా చెప్తే మొదటి బంతిలో చోటు ఉంచుతాం."

ఇది నాన్నకి చదివి వినిపించాను. ఏమనలేదు గానీ పిన్ని నంబరు ఆయనే కింద రాశారు.

ఇంకొక్కటి మిగిలింది. మా వీధిలో 40 ఇళ్ళున్నాయి, వాళ్ళకి కార్డుల్లేవు, ఊరి పిలుపు. వాళ్ళందరూ వస్తే 380 ఎక్కడ ఆగుతుంది?

వంటశాల_మండపేట:
పెళ్ళికూతుర్ని చేసే రోజు మధ్యాహ్నం ఇంటి దగ్గరే ఊరి భోజనాలు పెట్టేయండి. పందిరి ఎలాగూ వేస్తారు, చోటుకి లోటుండదు. చాలామంది అలాగే చేస్తున్నారు.

లంక_పిల్ల:
అది నాకు నచ్చట్లేదండి. మా అమ్మ అలాంటి భోజనానికి వెళ్ళొచ్చి "మనకి ఇంటి దగ్గరా, చుట్టాలకి హాల్లోనా" అంది. పెళ్ళి పనులన్నీ ఆ వీధిలో ఆడవాళ్ళే చేస్తారు, తలంబ్రాలు చూసే రాత్రి మాత్రం వాళ్ళు ఉండరా?

వంటశాల_మండపేట:
ఉండద్దని ఎవరూ అనట్లేదమ్మా. పెళ్ళి చూడ్డానికి రావొచ్చు, రాత్రి భోజనం ఒక్కటే...

లంక_పిల్ల:
పెళ్ళికి రమ్మని తినకుండా వెళ్ళమని ఎలా చెప్తారండి?

భీమవరం_అక్క:
తమ్ముడూ, ఆ 40 ఇళ్ళకీ కూడా పిన్ని చేతే అడిగించు. వాళ్ళలో చాలామంది రాత్రిపూట పదకొండు కిలోమీటర్లో పదిహేను కిలోమీటర్లో పోయి తినడానికి రారు, కానీ రమ్మన్నారా లేదా అనేది చూస్తారు.

కాలవగట్టు_అన్నయ్య:
హాలు మా ఊరికి ఏడు కిలోమీటర్లే అక్కా, ఆటోలో వచ్చేస్తారు. రేపు పిన్నిని తీసుకుని వీధిలో అడిగి చూస్తాను, ఎంత తేలితే అంత వచ్చి ఇక్కడ రాస్తాను.