పర్యావరణ అనుమతి లేఖలో ఏడేళ్ల గడువు దాటింది: మా ఫ్యాక్టరీ ఆపాలా?

రాయగడ_ఫర్నేస్
రాయగడ దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలో ఈ మధ్యనే చేరాను. 2016 ఆగస్టు 18న ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన పర్యావరణ అనుమతి లేఖ, అదే ఇ.సి., నా టేబుల్ మీద ఉంది. అనుమతి రెండు ఫర్నేసులకు. ఒకటి 2019 నుంచి నడుస్తోంది, రెండోదానికి పునాది కూడా పడలేదు. చివరి పేజీలో గడువు ఏడేళ్లని ఉంది. మేనేజరు గారికి షరతులు, మా విధులు, గడువు ఒక్క కాగితం మీద కావాలట. గడువు దగ్గరే ఆగిపోయాను.

గుణుపురం_బాబ్జీ
2023లోనే అయిపోయింది కదా. ఉత్పత్తి ఆపి కొత్త అనుమతికి దరఖాస్తు చేయండి. మా బావ క్వారీకి ఇలాగే మూతపడింది.

బరంపురం_పాతకాపు
బాబ్జీ గారూ, క్వారీ సంగతి వేరు. తవ్వకానికి అనుమతి ఉన్నంత కాలమే పని. ఫ్యాక్టరీకి ఆ గడువు అర్థం, ఆ లోపు కట్టి ఉత్పత్తి మొదలుపెట్టాలని. మొదటి ఫర్నేసు 2019లోనే మొదలైంది కాబట్టి దానికి ఇ.సి. గడువు తీరడమనేది లేదు. షరతులు మాత్రం ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ ఉంటాయి. ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య మండలి ఇచ్చే కన్సెంటుకు వేరే తేదీ ఉంటుంది, దాన్ని విడిగా రాసుకోండి.

చిక్కంతా రెండో ఫర్నేసుది. 2022 ఏప్రిల్ 12 నోటిఫికేషన్‌తో ఇలాంటి ప్రాజెక్టుల గడువు పదేళ్లయింది. ఆ రోజుకు మీ ఇ.సి. బతికే ఉంది కాబట్టి పెంపు దానంతట అదే వర్తిస్తుంది. అంటే 2026 ఆగస్టు. ఆ లోపు ఉత్పత్తి మొదలవకపోతే రెండోదానికి మాత్రం అనుమతి పోతుంది. లేఖలో ఏడేళ్లు అనే ఉంటుంది, దాన్ని ఎవరూ వచ్చి దిద్దరు.

పర్లాకిమిడి_లెక్కలు
కోవిడ్ ఏడాది మరిచిపోయారు. 2020 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు గడువులో లెక్కించరని 2021 జనవరిలో నోటిఫికేషన్ వచ్చింది. 2027 ఆగస్టు వరకు ఉంది మీకు.

బరంపురం_పాతకాపు
ఆ నోటిఫికేషన్ నిజమే. కానీ ఆ ఏడాదిని పదేళ్లకు కలిపి ఫర్నేసుకు డబ్బు పెట్టే ముందు మంత్రిత్వ శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోమంటాను. బ్యాంకు వాళ్లు మీ లెక్కను ఒప్పుకోరు, లేఖనే అడుగుతారు.

పర్లాకిమిడి_లెక్కలు
నోటిఫికేషన్ ఉండగా మళ్లీ లేఖ ఎందుకు? ఇదే మన దేశపు జబ్బు.

రాయగడ_ఫర్నేస్
రెండు తేదీలూ రాసి పక్కన ప్రశ్న గుర్తు పెడతాను. షరతులు నలభైకి పైగా ఉన్నాయి. అన్నీ ఎక్కించాలా?

బరంపురం_పాతకాపు
అన్నీ ఎక్కించండి, లేఖలోని నంబరుతోనే. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ నంబరుతోనే అడుగుతారు. పక్కన మూడు గడులు చాలు: ఎవరు చేయాలి, ఎప్పుడెప్పుడు, రుజువు ఏ ఫైల్లో ఉంది. పత్రికలో ప్రకటన వేయడం లాంటివి ఒక్కసారితో తీరిపోతాయి, ఆ కత్తిరింపు దొరికితే చాలు. ఆరు నెలల నివేదిక జూన్ 1కి, డిసెంబర్ 1కి భువనేశ్వర్‌లోని మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. ఏటా సెప్టెంబర్ 30 లోపు కాలుష్య మండలికి పర్యావరణ ప్రకటన.

ఇక అసలు మాట. సాధారణ షరతుల్లో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది, పర్యావరణ ప్రభావ నివేదికలోనూ ప్రజాభిప్రాయ సేకరణలోనూ చెప్పినవన్నీ అమలు చేయాలని. చూడటానికి ఒక్క పంక్తే. నేను పనిచేసిన ఒక చోట దాన్ని ఒకే షరతుగా రాసి 'పాటిస్తున్నాం' అని పెట్టేశారు. పాత ఫైలు తీస్తే, ఆ రోజు సభలో అప్పటి యజమాని ఊరి చెరువు పూడిక తీయిస్తానని ఒప్పుకున్నాడు. మినిట్స్‌లో ఉంది. తనిఖీ అధికారి చేతిలో ఆ మినిట్స్ ఉన్నాయి, మా దగ్గర లేవు. మీరు ఆ నివేదిక, మినిట్స్ తెచ్చుకుని అందులోని ప్రతి హామీకీ విడిగా వరుస ఇవ్వండి.

జయపురం_ల్యాబ్
ఒక మాట. చిమ్నీ పొగ కొలవడానికి వెళ్తే ఫర్నేసు సగం లోడులో నడుస్తుంటుంది. అంకె బాగానే వస్తుంది, ఎవరూ అడగరు. నమూనా తీసిన గంటలో లోడు ఎంతో నివేదికలో రాయించండి. ఇ.సి.లో ధూళి పరిమితి, కన్సెంటులో పరిమితి ఒకటేనా?

రాయగడ_ఫర్నేస్
ఇప్పుడే చూశాను. ఇ.సి.లో ఘనమీటరుకు 30 మిల్లీగ్రాములు, కన్సెంటులో 50.

గుణుపురం_బాబ్జీ
కన్సెంటు కొత్తది కదా, కొత్తదే చెల్లుతుంది.

జయపురం_ల్యాబ్
రెండూ పాటించాలి కాబట్టి 30 దాటకూడదు. మొన్నటి రీడింగ్ ఎంత?

రాయగడ_ఫర్నేస్
41. మేనేజరు గారితో మాట్లాడి వస్తాను.