ఓటిస్‌ను ముందుగా ఎందుకు పసిగట్టలేకపోయారు?

జిజ్ఞాసి: 2023 అక్టోబరు 24 ఉదయం ఓటిస్ తుపాను ఇంకా హరికేన్ కూడా కాదు. అర్ధరాత్రి దాటాక మెక్సికోలోని అకపుల్కో దగ్గర తీరం దాటేసరికి అన్నిటికంటే బలమైన అయిదో వర్గం హరికేన్. ఇన్ని ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు ఉండి ముందురోజు ఎవరూ చెప్పలేదంటే అది చేతకానితనమా, నిజంగానే చెప్పలేని విషయమా?

రఘు: ఇందులో మిస్టరీ ఏమీ లేదు. సముద్రం వేడెక్కింది, తుపానుకు మేత దొరికింది, బలిసింది. ఆ నీటి వేడి ఉపగ్రహాలకు కనబడుతూనే ఉంది. చూసి కూడా చెప్పలేదంటే నిర్లక్ష్యమే.

మేఘమాల: రఘు గారూ, వేడి నీరు లేకుండా ఓటిస్ అంతటిది అయ్యేది కాదు, ఒప్పుకుంటాను. కానీ వేడి నీటి మీదుగా వెళ్లే తుపానులన్నీ ఇలా బలపడవు, చాలావరకు నెమ్మదిగానే పెరుగుతాయి. నీటి వేడి ఒక తుపాను ఎంతవరకు పెరగగలదో చెబుతుంది. ఈ రాత్రే పెరుగుతుందా అన్నది చెప్పదు. మన ప్రశ్న రెండోది.

సరంగు: నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను. ఒకసారి తుపాను హెచ్చరిక చూసి మా కెప్టెన్ ఓడను దక్షిణానికి మళ్లించారు. తుపాను వాళ్లు గీసిన గీత మీదే పోయింది, మాకు పెద్ద అలలు తప్ప ఏ ఇబ్బందీ రాలేదు. ఊరికే వాళ్లను ఆడిపోసుకోకండి.

మేఘమాల: సరంగు గారూ, మీరు చెప్పింది దారి గురించి. దాన్ని నిర్ణయించేవి వేల కిలోమీటర్ల మేర వీచే గాలులు. వాటిని కంప్యూటర్ మోడళ్లు బాగానే పట్టుకుంటాయి. బలం సంగతి వేరు. అది తుపాను నడిమధ్య ఉండే కంటి చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్లలో తేలిపోతుంది.

కింది గాలులు ఒక దిక్కుకు, పై గాలులు మరో దిక్కుకు లాగుతుంటే సుడి పక్కకు ఒరుగుతుంది. ఉరుములతో కూడిన మేఘాలు ఒకే పక్కన కుప్పపడతాయి. వాటి వేడి నడిమధ్యకు చేరదు కాబట్టి తుపాను గుంజాటన పడుతూ ఉండిపోతుంది. ఎప్పుడో ఆ మేఘాలు కేంద్రం చుట్టూ తిరిగి వలయంగా మూసుకుంటే, ఒరిగిన బొంగరం నిటారుగా లేచినట్టు సుడి నిలబడుతుంది. నడిమధ్య గాలి వేడెక్కుతుంది, పీడనం పడిపోతుంది, గాలి ఇంకా లోపలికి దూసుకొస్తుంది, మేఘాలు ఇంకా లేస్తాయి. అక్కడినుంచి ఆపడం కష్టం. 24 గంటల్లో గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లు పెరిగితేనే దాన్ని శీఘ్ర తీవ్రతరం అంటారు. ఓటిస్‌లో ఆ పెరుగుదల 175 కిలోమీటర్లు దాటింది.

ఆ వలయం ఏ గంటలో మూసుకుంటుందన్నదే చిక్కు. ఒకటిరెండు పెద్ద మేఘాలు ఎక్కడ లేస్తాయన్న దాని మీద అది ఆధారపడవచ్చు. పై కింది గాలుల తేడా బాగా ఎక్కువైతే తుపాను పెరగదని, బాగా తక్కువైతే పెరగవచ్చని చెప్పడం తేలికే. మధ్యరకంగా ఉన్నప్పుడే అందరం బోల్తా పడతాం. ఓటిస్ చిన్న తుపాను కూడా. చిన్నవి లేవడమూ త్వరగానే, కూలడమూ త్వరగానే.

రఘు: సరే. మరి విమానాలు పంపి లోపల కొలవచ్చు కదా?

మేఘమాల: పంపారు. 24 మధ్యాహ్నం తర్వాత హరికేన్ విమానం లోపలికి వెళ్లాకే, ఉపగ్రహ చిత్రాలు చూసి వేసిన లెక్క కంటే ఓటిస్ చాలా బలంగా ఉందని తేలింది. అప్పటికి తీరం దాటడానికి సగం రోజు కూడా మిగల్లేదు. ఉపగ్రహానికి పైనుంచి మేఘాల కప్పు కనిపిస్తుంది. ఆ కప్పు కింద కన్ను ఏర్పడుతోందా లేదా అన్నది మైక్రోవేవ్ చిత్రాలు చూపిస్తాయి కానీ, ఆ ఉపగ్రహాలు తుపాను మీదుగా పోయేది కొన్ని గంటలకొకసారి. ఈ మధ్యలోనే కథ మారిపోతుంది.

జిజ్ఞాసి: అంటే విమానం ముందురోజే వెళ్లి, లోపలి కొలతలు మోడల్‌కు అందించి ఉంటే సరిగ్గా చెప్పేదా?

మేఘమాల: దీని మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. కొలతలు సరిగా అందితే చాలావరకు కుదురుతుందని కొందరంటారు. మేఘాల తీరే అంత చంచలమైనది, ఎంత కొలిచినా ఒక హద్దు దాటలేమని ఇంకొందరంటారు. నేను రెండో పక్షానికి కొంచెం దగ్గర. కొలతలు మెరుగైతే మనం మేలుకునేది ఆరు గంటల ముందు, ఒక రోజు ముందు కాకపోవచ్చు.

రఘు: ఆరు గంటలైనా చాలామంది ప్రాణాలు దక్కుతాయి. పైగా ‘నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది’ అని తెలిసినా సరే, దాన్ని జనానికి చెప్పి తీరాలి.

మేఘమాల: చెబితే నాలుగింట మూడుసార్లు ఏమీ జరగదు. అయిదోసారి ఎంతమంది ఇల్లు వదులుతారు?

సరంగు: ఓడలో అయితే నాలుగుసార్లూ దారి మళ్లిస్తాం. డీజిలు ఖర్చు కంపెనీది కాబట్టి.