మా పాఠశాల పరిచయం గొప్పలు చెప్పుకున్నట్టు ఉందంటున్నారు, ఎక్కడ సవరించాలి?

ఐదో తరగతి టీచర్:
నిన్న సాయంత్రం ఆరు గంటల నుంచి రాత్రి పన్నెండు దాకా ఒక్క పేరా ముందు కూర్చున్నాను, ముందుకు కదలలేదు. మా పాఠశాల పరిచయాన్ని సరిచేసే పనిని కరస్పాండెంట్ గారు నాకు అప్పగించారు. గత నెలలో అడ్మిషన్ కోసం వచ్చిన ఒక తండ్రి మా కరపత్రం చదివి, "ఇవి అందరూ రాసేవే గదా మేడం" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ మాట మనసులో నుంచి పోవడం లేదు. పాత పేరా ఇది:

"వరంగల్ రూరల్ జిల్లా పరకాలలో, ఓరుగల్లు గడ్డపై విద్యాకుసుమాలను వికసింపజేస్తూ, అంతర్జాతీయ ప్రమాణాలతో, అత్యాధునిక డిజిటల్ తరగతి గదులతో, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయ బృందంతో, ప్రతి ఏటా పదో తరగతిలో 100 శాతం ఉత్తీర్ణత సాధిస్తూ, ఈ ప్రాంతంలోనే నెంబర్ వన్ విద్యాసంస్థగా మా పాఠశాల వెలుగొందుతున్నది."

మాటలు మార్చి ఆరుసార్లు రాశాను. ప్రతిసారీ అదే వాసన వస్తోంది. దయచేసి ఎవరైనా దారి చూపండి.

గేటు పక్కన:
ఏ బోర్డు? ఎన్నో తరగతి వరకు గుర్తింపు ఉంది? ఎంతమంది పిల్లలు? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పలుకుబడి:
అసలు జబ్బు భాషలో ఉందని నా అభిప్రాయం. "వెలుగొందుతున్నది" అన్న క్రియను ఇప్పుడు ఎవరైనా నోటితో పలుకుతారా? "విద్యాకుసుమాలు" అన్న సమాసం శ్మశానవాటిక శిలాఫలకం మీద తప్ప మరెక్కడా నిలవదు. ఇక "నెంబర్" అని రాయడం కూడా తప్పు, "నంబరు" అని రాయాలి. మన ప్రాంతంలో పిల్లలను పంపేది బడికి, అందువల్ల "విద్యాసంస్థ" అన్న మాటను తీసేసి "బడి" అని రాస్తే సగం గొప్ప అక్కడే దిగిపోతుంది.

కరపత్రాల అన్న:
నేను హన్మకొండలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను, ఏటా ఏప్రిల్, మే నెలల్లో బడుల కరపత్రాలు తప్ప మరో పని ఉండదు. విశేషణాలు తీసేయండి, అంతే. ఆ తర్వాత "సీబీఎస్ఈ సిలబస్" అన్న ఒక్క మాట చేర్చండి, ఇప్పుడు తల్లిదండ్రులు వెతికేది దాన్నే. పుస్తకాలు ఆ సిలబస్‌వే వాడుతుంటే రాయడంలో తప్పేమీ లేదు.

నడికూడ నాన్న:
మేడం, పరకాలలో ఉన్న బడి అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా బాబును ఇప్పుడు చదివిస్తున్న చోట, చేర్పించిన రోజు వ్యాన్ ఫీజు ఒక మాట చెప్పి, దసరా సెలవుల తర్వాత ఇంకో మాట చెప్పారు. కరపత్రంలో "అందుబాటు ఫీజు" అని ఉంది, ఎవరికి అందుబాటో తెలియలేదు. మీ వ్యాన్ నడికూడ దాకా వస్తుందా?

పాత హెడ్మాస్టర్:
కరపత్రాల అన్న గారి మొదటి మాట నిజం, రెండో మాట మాత్రం ప్రమాదకరం. రాష్ట్ర సిలబస్ బడికి విద్యాశాఖ ఇచ్చేది గుర్తింపు. సీబీఎస్ఈ ఇచ్చేది అనుబంధం, దానికి ఒక నంబరు ఉంటుంది, ఎవరైనా ఆ బోర్డు సైటులో వెతికి చూసుకోవచ్చు. అనుబంధం లేని బడి ఆ బోర్డు పుస్తకాలు వాడుకుంటూ "సీబీఎస్ఈ సిలబస్" అని రాస్తే, చదివినవారు పదో తరగతి పరీక్ష కూడా ఆ బోర్డుదే అనుకుంటారు. చదివినవారికి ఏమి అర్థమవుతుందో దానికి కూడా రాసినవారే బాధ్యులు.

ఇక మేడం గారి పేరాకు వస్తాను. విశేషణాలు తీసేస్తే మీ దగ్గర ఏమి మిగులుతుందో చూడండి: పరకాల, డిజిటల్ గదులు, ఉపాధ్యాయులు, పదో తరగతి ఫలితాలు. ఈ నాలుగింటికి అంకెలు కావాలి. ఎన్ని గదులు, ఎంతమంది ఉపాధ్యాయులు, వారిలో బీఎడ్ లేదా డీఎడ్ ఉన్నవారు ఎందరు, ఎన్నేళ్లుగా ఉన్నారు, గత ఐదేళ్లలో ఎంతమంది పరీక్ష రాసి ఎంతమంది పాసయ్యారు? ఇవి పంపండి, కలిసి రాద్దాం.

ఐదో తరగతి టీచర్:
క్షమించాలి, ఇవన్నీ అవసరమని తోచలేదు. రాష్ట్ర సిలబస్, నర్సరీ నుంచి పదో తరగతి వరకు, 312 మంది పిల్లలు. 2007లో ఒక పెంకుటింట్లో 38 మందితో మొదలై, 2013లో సొంత భవనంలోకి వచ్చింది. ఉపాధ్యాయులం 14 మందిమి, బీఎడ్, డీఎడ్ ఉన్నవారు 9 మంది, ఐదేళ్లు దాటినవారు 6 మంది. ప్రొజెక్టర్ ఉన్న గదులు రెండు, వాటిలో ఒకదాని బల్బు సంక్రాంతి నుంచి పనిచేయడం లేదు. రిజిస్టరు తీసి చూస్తే ఈ ఏడు పదో తరగతిలో 19కి 19 మంది పాసయ్యారు గానీ, అంతకు ముందు నాలుగేళ్లలో ఒక్కసారి మాత్రమే అందరూ పాసయ్యారు.

గుర్తింపు ఏడో తరగతి వరకు ఉంది. ఎనిమిది నుంచి పది వరకు దస్త్రం నడుస్తోంది. అప్పటిదాకా మా పిల్లలు పక్క ఊరి బడి పేరు మీద పరీక్ష రాస్తున్నారు. ఇది చాలాచోట్ల మామూలే కదా అని ముందు రాయలేదు.

గేటు పక్కన:
అదే అసలు సంగతి. మిగతాదంతా అలంకారం.

పాత హెడ్మాస్టర్:
ఆయన కటువుగా అన్నా సరిగ్గానే అన్నారు. మామూలే అయినంత మాత్రాన మీ పేరు మీద చెప్పుకొనే ఫలితం కాదది. పదో తరగతి మెమో మీద ఆ పక్క ఊరి బడి పేరే అచ్చవుతుంది, అది చేతికి వచ్చిన రోజు తల్లిదండ్రులు మీ కరపత్రాన్ని గుర్తు చేసుకుంటారు. మరో విషయం కూడా ఉంది. మన దగ్గర ఎనిమిదో తరగతిని హైస్కూలు కింద లెక్కిస్తాం గానీ, 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకూ వర్తిస్తుంది. ఆ చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు పదివేలు ఉంటుంది. అంటే మీ పరిచయంలో "పదో తరగతి వరకు" అన్న మాట మీకు వ్యతిరేకంగా మీరే రాసి ఇచ్చిన కాగితం అవుతుంది. ఇది పేరా సవరణతో తీరేది కాదు, కరస్పాండెంట్ గారు ముందు దస్త్రం సంగతి చూడాలి.

ఏడో తరగతి వరకు మీరు నిజంగా నిలబడి చెప్పగలిగింది ఇలా ఉంటుందని నాకు తోస్తోంది:

"పరకాలలో 2007లో ఒక పెంకుటింట్లో 38 మంది పిల్లలతో మా బడి మొదలైంది. 2013 నుంచి సొంత భవనంలో నడుస్తోంది. నర్సరీ నుంచి ఏడో తరగతి వరకు రాష్ట్ర సిలబస్ బోధిస్తాము, ఈ తరగతులకు రాష్ట్ర విద్యాశాఖ గుర్తింపు ఉంది. గుర్తింపు పత్రం ఆఫీసు గదిలో గోడకు ఉంది, అడిగి చూడవచ్చు. పద్నాలుగు మంది ఉపాధ్యాయుల్లో తొమ్మిది మంది బీఎడ్ లేదా డీఎడ్ చదివినవారు, ఆరుగురు ఐదేళ్లకు పైగా ఇక్కడే పనిచేస్తున్నారు. ఒక గదిలో ప్రొజెక్టర్ ఉంది."

గుర్తింపు పత్రం నంబరు, మీ బడి యూడైస్ కోడ్ కింద వేయండి. ఆ కోడ్ 11 అంకెలు, మన రాష్ట్రానిది 36తో మొదలవుతుంది. యూడైస్ సైటులో దానితో వెతికితే బడి వివరాలు ఎవరికైనా కనిపిస్తాయి. అక్కడ కనిపించేదీ మీరు రాసేదీ ఒకటై ఉండాలి. ఆరుగురు ఐదేళ్లుగా ఉన్నారన్న వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయకండి. నా సర్వీసులో అడ్మిషన్ల వేళ తల్లులు మాటిమాటికీ అడిగింది, "మధ్యలో సార్లు మారిపోతారా" అన్నదే.

కరపత్రాల అన్న:
పద్నాలుగులో తొమ్మిది అని రాస్తే మిగతా ఐదుగురి సంగతేమిటని ప్రతివాడూ అడుగుతాడు. ఏ కరస్పాండెంట్ ఒప్పుకుంటాడు సార్? నేను అచ్చు వేస్తే నా ముందే చింపేస్తారు. 312 మందికి 14 మంది అంటే ఒక్కో టీచరుకు 22 మంది పిల్లలు, ఆ లెక్క వేయండి, బాగుంటుంది.

పాత హెడ్మాస్టర్:
సగటు వేస్తే మొదట దెబ్బతినేది అదే వాక్యం. మేడం, మీ ఐదో తరగతిలో ఎంతమంది ఉన్నారు?

ఐదో తరగతి టీచర్:
41 మంది. ఒకే సెక్షన్.

పాత హెడ్మాస్టర్:
చూశారా. 22 అని చదివి వచ్చిన తల్లి మొదటి రోజే మీ గుమ్మం దగ్గర నిలబడి 41 తలలు లెక్కపెట్టుకుంటుంది. ఆ తర్వాత మీరు రాసిన నిజాలను కూడా నమ్మదు. అయితే తొమ్మిది మంది సంగతిలో అన్న గారి భయం అర్థం లేనిదని నేను అనను. ఆ వాక్యం రాయాలా వద్దా అన్నది యాజమాన్యం తేల్చుకోవాలి. రాయకపోతే "అనుభవజ్ఞులైన" అన్న మాట కూడా తీసేయండి, ఆ ఆరుగురి వాక్యం ఒక్కటే ఉంచండి.

నడికూడ నాన్న:
నేనైతే తొమ్మిది అని రాసిన బడినే నమ్ముతాను. అందరూ అర్హులే అని రాసిన చోట మా బాబుకు లెక్కలు చెప్పింది ఇంటర్ తప్పిన అబ్బాయి.

పలుకుబడి:
పాత హెడ్మాస్టర్ గారి పేరాలో "అడిగి చూడవచ్చు" అన్నది చక్కగా ఉంది, కానీ "రాష్ట్ర సిలబస్" కన్నా "రాష్ట్ర పాఠ్యప్రణాళిక" అంటే నిండుగా ఉండేది.

గేటు పక్కన:
సిలబస్ అంటేనే ఇంటి వాళ్లకు అర్థమవుతుంది. ఇంకొకటి: "వరంగల్ రూరల్" అన్న జిల్లా 2021 నుంచి లేదు. పరకాల ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. జిల్లా పేరే పాతదైతే మిగతాది ఎప్పుడు రాశారో అని అనుమానం రాదా?

పలుకుబడి:
హనుమకొండ అని రాసినందుకు సంతోషం. కరపత్రాల అన్న గారు మాత్రం హన్మకొండ అనే రాస్తున్నారు.

కరపత్రాల అన్న:
మా దుకాణం బోర్డు మీద అలాగే ఉంది, మార్చాలంటే మళ్లీ ఫ్లెక్స్ కొట్టించాలి.

ఐదో తరగతి టీచర్:
ఈ రోజు మధ్యాహ్నం కరస్పాండెంట్ గారికి చూపించాను. పెంకుటిల్లు, 38 మంది అన్న వాక్యం చదివి కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు, అది మాత్రం ఉంచమన్నారు. జిల్లా పేరు మార్చాను. తొమ్మిది మంది వాక్యాన్ని కొట్టేశారు, ఆరుగురిది ఉంది. పదో తరగతి సంగతి ఎత్తితే సోమవారం మాట్లాడదాం అన్నారు. గేటు మీది ఫ్లెక్సులో "నెంబర్ వన్" ఇంకా అలాగే ఉంది. అందరికీ ధన్యవాదాలు, హోంవర్క్ పుస్తకాలు దిద్దాలి.

నడికూడ నాన్న:
మేడం, వ్యాన్ సంగతి చెప్పలేదు.